రేటు జనరల్ బాడీది, లెక్క బైలాస్‌ది: 48 ఫ్లాట్ల సంఘంలో ఒక తీర్మానం కథ

హైదరాబాద్ శివారులో స్టిల్టు మీద ఐదు అంతస్తుల భవనం. బిల్డర్ 2014లో అప్పగించాడు. మొత్తం 48 ఫ్లాట్లలో 28 రెండు పడకగదులవి, ఒక్కొక్కటి 1,150 చదరపు అడుగులు. మిగిలిన 20 మూడు పడకగదులవి, ఒక్కొక్కటి 1,650. మొదటి నుంచి మెయింటెనెన్స్ చదరపు అడుగుకు రెండున్నర రూపాయలు. అంటే చిన్న ఫ్లాటుకు నెలకు 2,875, పెద్ద ఫ్లాటుకు 4,125. సంఘానికి నెలకు 1,63,000 రూపాయలు వచ్చేవి.

ఒక జనరల్ బాడీ సమావేశంలో దీన్ని మార్చి, అన్ని ఫ్లాట్లకూ సమానంగా 3,400 రూపాయలు అన్నారు. సంఘానికి వచ్చే మొత్తం దాదాపు మారలేదు, నెలకు 200 రూపాయలే పెరిగింది. భారం మాత్రం చేతులు మారింది. చిన్న ఫ్లాటువారికి నెలకు 525 పెరిగితే, పెద్ద ఫ్లాటువారికి 725 తగ్గింది. తీర్మానానికి అనుకూలంగా 16 ఓట్లు, వ్యతిరేకంగా 12 పడ్డాయని మినిట్స్ పుస్తకంలో ఉంది. అదే సమావేశంలో బకాయిదారులన్న కారణంతో ఐదుగురిని ఓటు వేయనివ్వలేదు. అద్దెకున్నవారు స్టిల్టులో కారు పెట్టకూడదని మరో తీర్మానం కూడా చేశారు.

చిన్న ఫ్లాట్ల యజమానులు ముగ్గురు నా దగ్గరకు వచ్చారు. అపార్ట్‌మెంట్ సంఘాల తగాదాలు చూసే న్యాయవాదిని కాబట్టి ఇలాంటి ఫైళ్లు తరచూ వస్తుంటాయి. వాళ్ల మొదటి ప్రశ్న, అందరూ అడిగేదే: "సార్, మెజారిటీ వచ్చేసింది కదా, ఇక మేము చేయగలిగింది ఏమైనా ఉందా?" ఓట్ల లెక్క ఎప్పుడూ రెండో ప్రశ్న. ఆ విషయం మీద నిర్ణయం తీసుకునే అధికారం ఆ సమావేశానికి ఉందా అన్నది మొదటిది. దానికి జవాబు మినిట్స్‌లో దొరకదు, సంఘం నియమావళి అయిన బైలాస్‌లోనే దొరుకుతుంది.

వాళ్లు తెచ్చిన బైలాస్ ఫోనులో తిరుగుతున్న స్కాన్ కాపీ. దాన్ని పక్కన పెట్టి, రిజిస్ట్రార్ ఆఫ్ సొసైటీస్ కార్యాలయం నుంచి ధ్రువీకరించిన నకలు తెప్పించుకోమన్నాను. రుసుము కట్టి దరఖాస్తు పెడితే ఇస్తారు. సంఘం ఏ చట్టం కింద నమోదైందో కూడా ఆ నకలు చూస్తే ఖాయంగా తెలుస్తుంది. మన దగ్గర చాలా సంఘాలు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఉంటే, కొన్ని 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద ఉంటాయి. చట్టం మారితే తగాదా వేసే చోటు, ఎన్నికల పద్ధతి, సవరణ పద్ధతి అన్నీ మారతాయి. ఈ సంఘం 2001 చట్టం కిందిదే.

నకలు వచ్చాక రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివాం. స్కాన్ కాపీలో బకాయిల నిబంధన ఇలా ఉంది: "మూడు నెలలకు మించి బకాయి ఉన్న సభ్యునికి ఓటు హక్కు ఉండదు." రిజిస్టర్డ్ నకలులో ఆ వాక్యం అక్కడితో ఆగలేదు: "అయితే సమావేశానికి కనీసం పదిహేను రోజుల ముందు బకాయి వివరం తెలుపుతూ రాతపూర్వక నోటీసు ఇచ్చి ఉండాలి." మళ్లీ టైపు చేయించినప్పుడు ఎవరో ఆ వాక్యం వదిలేశారు. కావాలనా, ఏమరుపాటా అన్న చర్చలోకి నేను వెళ్లలేదు. ఆ ఐదుగురిలో ఒక్కరికీ నోటీసు అందలేదు. గేటు దగ్గర బోర్డు మీద పేర్లు రాశారు, అంతే. బోర్డు నోటీసు కాదు.

ఇక చదివే వరుస. చాలామంది నేరుగా "మెయింటెనెన్స్" అన్న శీర్షికకు వెళతారు. నేను నిర్వచనాల దగ్గర మొదలుపెట్టి, ఆ తర్వాత సభ్యత్వం, సమావేశాలు, ఓటు, ఛార్జీలు చదువుతాను. సవరణల నిబంధనను చిట్టచివర, కాస్త నెమ్మదిగా చదువుతాను. ఛార్జీల నిబంధనలో వాడిన ప్రతి మాటకూ అర్థం ముందు పేజీల్లో ఉంటుంది. దాన్ని మార్చే దారి చివరి పేజీలో ఉంటుంది.

ఈ బైలాస్‌లో సభ్యుడంటే "రిజిస్టరైన సేల్ డీడ్ ద్వారా ఒకటి లేదా అంతకంటే ఎక్కువ ఫ్లాట్లకు యజమాని అయిన వ్యక్తి". ఉమ్మడి యజమానులైతే డీడ్‌లో మొదటి పేరు గలవారు. ఓటు నిబంధనలో "ప్రతి సభ్యునికి ఒక ఓటు" అని ఉంది, ప్రతి ఫ్లాటుకు అని లేదు. మూడు పెద్ద ఫ్లాట్లు బిల్డర్ పేరు మీద ఉన్నాయి. మరొకాయనకు రెండు చిన్న ఫ్లాట్లున్నాయి. కాబట్టి ఫ్లాట్లు 48 అయినా సభ్యులు 45 మందే. కోరం మొత్తం సభ్యుల్లో మూడోవంతు, అంటే 15. ఆ రోజు కోరానికి లోటు లేదు. ఆ మేరకు సమావేశం సక్రమమే అని మా వాళ్లకు ముందే చెప్పేశాను. గెలవని వాదనను ఫైల్లో ఉంచుకుంటే మిగతా వాదనలు పలచబడతాయి.

ఛార్జీల నిబంధన రెండే వాక్యాలు. "ప్రతి సభ్యుడు తన ఫ్లాటు సేల్ డీడ్‌లో చూపిన విస్తీర్ణం ప్రకారం, చదరపు అడుగుకు జనరల్ బాడీ కాలానుగుణంగా నిర్ణయించే రేటున, నెలవారీ నిర్వహణ ఛార్జీ చెల్లించాలి. ప్రతి నెల పదో తేదీ దాటితే కమిటీ నిర్ణయించిన అపరాధ రుసుము వర్తిస్తుంది." కేసు మొత్తం ఆ మొదటి వాక్యంలోనే ఉంది. అందులో రెండు వేర్వేరు విషయాలున్నాయి. రేటు ఎంతన్నది జనరల్ బాడీకి వదిలారు. రెండున్నరను మూడు చేయాలన్నా, మూడున్నర చేయాలన్నా హాజరైనవారిలో సాధారణ మెజారిటీ చాలు. కానీ ఛార్జీ విస్తీర్ణం మీద ఉండాలన్నది జనరల్ బాడీకి వదలలేదు. దాన్ని బైలాసే తేల్చేసింది. ఫ్లాటుకు ఇంత అనడం రేటు మార్చడం కాదు, లెక్క కట్టే పద్ధతినే మార్చడం. అది బైలాస్ సవరణ కిందికి వస్తుంది.

కమిటీ సెక్రటరీ గారిని కలిసినప్పుడు ఆయన వాదన ఇది: "లిఫ్టు పెద్ద ఫ్లాటువాళ్ల కోసం ఎక్కువసార్లు తిరుగుతుందా అండీ? వాచ్‌మన్ వాళ్ల తలుపు దగ్గర ఎక్కువసేపు నిలబడతాడా? ఖర్చు ఒకటే అయినప్పుడు వాళ్లెందుకు ఎక్కువ కట్టాలి?" న్యాయమైన ప్రశ్నే. చిన్న ఫ్లాట్లవారు కోపంలో దీన్ని వినిపించుకోలేదు కానీ, వాచ్‌మన్ జీతం, లిఫ్టు వార్షిక కాంట్రాక్టు, మెట్ల మీద దీపాలు, ఇవేవీ విస్తీర్ణాన్ని బట్టి పెరగవు. భవనానికి రంగులు వేయించడం, స్లాబు లీకేజీలు, పైపుల మార్పిడి వంటివి వేరు. వాటిలో పెద్ద ఫ్లాటు వాటా పెద్దదే. ఏ పద్ధతి మంచిదన్న దాని మీద రెండు వైపులా మాట్లాడవచ్చు. అయితే ఆ మాట్లాడుకోవడం సవరణ నిబంధన చెప్పిన దారిలో జరగాలి.

సవరణ నిబంధన మూడు కోరుతోంది: ప్రతిపాదిత సవరణ పూర్తి పాఠంతో 21 రోజుల ముందు నోటీసు, హాజరై ఓటు వేసిన సభ్యుల్లో మూడింట రెండు వంతుల ఆమోదం, ఆ తర్వాత రిజిస్ట్రార్ వద్ద దాఖలు. ఇక్కడొక జాగ్రత్త అవసరం. చట్టం కోరే మెజారిటీ ఎంతో కూడా పక్కన పెట్టుకుని చూడాలి. బైలాస్ అంతకంటే తక్కువతో సరిపెట్టుకుంటే నెగ్గేది చట్టమే. "హాజరైన సభ్యుల్లో" అని ఉందా, "మొత్తం సభ్యుల్లో" అని ఉందా అన్నది కూడా వేలు పెట్టి చదవాలి. 45 మంది ఉన్న ఈ సంఘంలో రెండోది ఉంటే 30 మంది చేయెత్తాలి. సగం మంది యజమానులు వేరే ఊళ్లలో, విదేశాల్లో ఉండే సంఘాల్లో అలాంటి నిబంధనను ఎప్పటికీ సవరించలేరు.

ఆ రోజు నోటీసులో ఉన్నది ఒకే పంక్తి: "మెయింటెనెన్స్ ఛార్జీల సవరణపై చర్చ." సవరణ పాఠం లేదు. ఓట్లు కమిటీ చెప్పినట్టే లెక్కేసినా 28లో 16. మూడింట రెండు వంతులంటే 19 కావాలి. ఇక్కడే తీర్మానం నిలవదు.

అయినా ఓట్లను ఒక్కొక్కటీ విప్పి చూశాం. కోర్టుకు వెళితే అవతలి పక్షం తప్పకుండా ఇది సాధారణ తీర్మానమే అంటుంది. అప్పుడు 16కు 12 అన్నదే మిగులుతుంది. బిల్డర్ ప్రతినిధి మూడు ఫ్లాట్లకు మూడు ఓట్లు వేశాడు. నిర్వచనం ప్రకారం అతనికి ఒక్కటే. రెండు తీసేస్తే 14. తర్వాత ప్రాక్సీలు. విదేశాల్లో ఉన్న నలుగురి తరఫున సెక్రటరీ గారే ఓటు వేశారు. బైలాస్ ప్రకారం ప్రాక్సీ సంతకంతో కూడిన పత్రమై ఉండాలి, సమావేశానికి ముందే అందాలి, ఒక్కరి చేతిలో రెండుకు మించకూడదు. నలుగురిలో ఇద్దరు సంతకం చేసిన పత్రం స్కాన్ చేసి ముందురోజే పంపారు. మిగతా ఇద్దరు వాట్సాప్‌లో "మీరు ఎలా అంటే అలా" అని రాశారు. ఆ రెండూ పోతే 12. వ్యతిరేకులు కూడా 12.

మా వాళ్ల ముఖాలు వెలిగాయి. నేను తర్వాతి పేజీ తిప్పి చూపించాను. ఓట్లు సమానమైతే అధ్యక్షునికి నిర్ణాయక ఓటు ఉంది. అధ్యక్షుడు పెద్ద ఫ్లాటు యజమాని. అంటే ప్రాక్సీలు, బిల్డర్ ఓట్లు ఎత్తిచూపినంత మాత్రాన తీర్మానం పడిపోదు. సవరణ దారిలో రాలేదన్న వాదన, నోటీసు లేకుండా ఆపేసిన ఐదుగురి ఓట్లు, బరువున్నవి ఆ రెండే. ఐదుగురిలో నలుగురు చిన్న ఫ్లాట్లవారు. వాళ్లు ఎటు వేసేవారో ఎవరూ చెప్పలేరు. చెప్పనక్కరలేదు కూడా. పన్నెండుకు పన్నెండు ఉన్నచోట ఐదు ఓట్లు ఫలితాన్ని తిప్పగలవు, వాటిని నిబంధన పాటించకుండా ఆపారు అన్నది చాలు.

బకాయిల మీద ఇంకో మాట. ఆ ఐదుగురిలో ఒకావిడ నెలనెలా కడుతూనే ఉన్నారు. ఆమె పేరిట ఉన్న "బకాయి" మొత్తం పాత యజమానిది. కొనేటప్పుడు సంఘం నుంచి బకాయి లేదన్న పత్రం తీసుకోలేదు. ఫ్లాటు కొన్నవారు పాత బకాయికి బాధ్యులని ఈ బైలాస్‌లో ఉంది కాబట్టి డబ్బు ఆమె కట్టక తప్పలేదు. చాలా బైలాస్‌లో ఈ నిబంధన ఉంటుంది. సేల్ డీడ్ రాయించుకునే ముందు అడగాల్సిన కాగితం అది. ఇక బకాయిదారుల ఇంటికి నీళ్లు ఆపవచ్చా అని కమిటీవారు నన్నే అడిగారు. వడ్డీ వేయండి, నోటీసు ఇవ్వండి, దావా వేయండి, నీళ్ల జోలికి మాత్రం వెళ్లకండి అన్నాను. బైలాస్‌లో రాసుకున్నా అది నిలబడే అధికారం కాదు.

పన్ను సంగతి ఎవరో లేవనెత్తారు గనుక ఒక పేరా. సంఘానికి ఏటా వచ్చేది 19.56 లక్షలు, జీఎస్టీ నమోదు పరిమితి అయిన 20 లక్షల అంచున ఉంది. కానీ ఒక్కో ఫ్లాటుకు నెలకు కట్టేది 7,500 రూపాయల లోపే కాబట్టి ఆ ఛార్జీపై పన్ను రాదు. ఆ గీత దాటిన సంఘాలకు మాత్రం తలనొప్పి ఉంది. దాటితే మొత్తం మీద పన్ను అని 2019లో కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు సర్క్యులర్ ఇచ్చింది. 7,500కు మించిన భాగం మీదే అని మద్రాసు హైకోర్టు 2021లో చెప్పింది.

పార్కింగ్‌కు వచ్చేసరికి బైలాస్ ఒక్కటే చాలదు. స్టిల్టులో 44 గడులు, ఫ్లాట్లు 48. బైలాస్ అంటున్నది ఇది: స్టిల్టు ఉమ్మడి స్థలం. సేల్ డీడ్‌లో గడి నంబరు కేటాయించిన సభ్యులకు దానిపై వాడకం హక్కు. కేటాయించని గడులు సంఘం ఆధీనంలో ఉంటాయి, కమిటీ వంతులవారీగా ఇస్తుంది. కాబట్టి 48 డీడ్‌లూ తీయాల్సిందే. అలా తీస్తే 40 డీడ్‌లలో పార్కింగ్ నంబరు ఉంది, ఎనిమిదింటిలో లేదు. అంటే నాలుగు గడులు సంఘానివి. కానీ ఆ నాలుగింటిలో రెండింటి మీద ఒక పెద్ద ఫ్లాటు యజమాని గొలుసు వేసి పెట్టుకున్నారు. డీడ్ ప్రకారం ఆయనకు పి-17 ఉంది. మిగతా రెండూ బిల్డర్ దగ్గర డబ్బిచ్చి "కొన్నానని" స్టాంపు కాగితం మీద ఒప్పందం చూపించారు.

ఆ కాగితం రిజిస్టర్ కాలేదు. అయినా అసలు చిక్కు అది కాదు. ఫ్లాట్లతో పాటు ఉమ్మడి స్థలాల్లో అవిభాజ్య వాటా కూడా అమ్మేశాక, ఆ ఉమ్మడి స్థలంలో ముక్కను విడిగా అమ్మడానికి బిల్డర్ చేతిలో ఏమి మిగిలింది? స్టిల్టు పార్కింగ్‌ను ఫ్లాటు నుంచి విడదీసి బిల్డర్ అమ్ముకోలేడని సుప్రీంకోర్టు 2010లో నహల్‌చంద్ లాలూచంద్ కేసులో తేల్చింది. ఆ తీర్పు మహారాష్ట్ర చట్టం మీద వచ్చింది. మన దగ్గర దాన్ని అచ్చంగా అతికించలేం, వాదనకు బలంగా మాత్రం వాడుకోవచ్చు. స్థిరాస్తి నియంత్రణ చట్టమైన రేరా ఓపెన్ పార్కింగ్‌ను ఉమ్మడి స్థలాల్లోనే చేర్చింది. కానీ ఈ భవనం రేరా కంటే ముందుది, పైగా ఇది కప్పు కింద ఉన్న పార్కింగ్. అందుకని రేరా పేరు చెప్పి నోటీసు రాద్దామన్న సలహాను నేను ఒప్పుకోలేదు.

అద్దెదారుల నిషేధం తేలిగ్గా తేలింది. పార్కింగ్ నిబంధనలో "సభ్యుడు లేదా నివాసి" అని ఉంది. నివాసి అంటే సభ్యుని అనుమతితో ఫ్లాటులో ఉంటున్న వ్యక్తి అని నిర్వచనాల్లో ఉంది. అంటే అద్దెకున్నవారు కూడా నివాసులే. యజమాని కారు పెట్టని గడిలో ఆయన అద్దెదారు పెట్టుకోకూడదనడానికి కమిటీకి అధికారం లేదు. రెండో కారుకు నెలకు వెయ్యి రూపాయలు తీసుకోవడం, అతిథుల వాహనాలను గేటు బయట పెట్టించడం వంటివి మాత్రం వాడకాన్ని క్రమబద్ధం చేసే నియమాలు. అవి కమిటీ పరిధిలోవే.

2001 చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం సంఘం వ్యవహారాల్లో తగాదా వస్తే సభ్యుడు మధ్యవర్తిత్వానికి వెళ్లవచ్చు, లేదా జిల్లా కోర్టులో దరఖాస్తు వేయవచ్చు. దరఖాస్తు సిద్ధం చేశాం కానీ వేయలేదు. ముందు దాని సారాంశాన్ని, రిజిస్టర్డ్ నకలుతో పాటు, కమిటీకి నోటీసుగా పంపాం. సెక్రటరీ గారు తమ న్యాయవాదితో వచ్చారు. ఛార్జీల నిబంధన మొదటి వాక్యం, సవరణ నిబంధన చదివాక ఆ న్యాయవాది పెద్దగా వాదించలేదు.

తర్వాతి సమావేశానికి 21 రోజుల ముందు సవరణ పాఠం మొత్తం రాసి నోటీసు ఇచ్చారు. కొత్త లెక్క రెండు ముక్కలు: ప్రతి ఫ్లాటుకు సమానంగా 1,900 రూపాయలు, దానికి తోడు చదరపు అడుగుకు రూపాయి పది పైసలు. చిన్న ఫ్లాటుకు 3,165, పెద్ద ఫ్లాటుకు 3,715, మొత్తం 1,62,920. విస్తీర్ణంతో సంబంధం లేని ఖర్చులను మొదటి ముక్కలో, మరమ్మతుల భాగాన్ని రెండో ముక్కలో పెట్టాం. సభ్యులు 36 మంది హాజరయ్యారు. 24 కావలసినచోట 27 మంది ఒప్పుకున్నారు. అదే సవరణలో, మొత్తం పాతదానికంటే ఏడాదిలో పది శాతానికి మించి పెంచాలంటే మళ్లీ మూడింట రెండు వంతులు కావాలన్న వాక్యం చేర్పించాం. ఓటు నిబంధనను "ప్రతి ఫ్లాటుకు ఒక ఓటు" అని మార్చాలన్న బిల్డర్ ప్రతిపాదన ఆ సమావేశంలోనే వీగిపోయింది.

పాత తీర్మానం అమలైన ఎనిమిది నెలల లెక్క మాత్రం అంత సాఫీగా తెమలలేదు. చిన్న ఫ్లాటుకు 4,200 రూపాయలు తిరిగి రావాలి, పెద్ద ఫ్లాటు 5,800 కట్టాలి. తిరిగి రావలసినవి వచ్చే నెలల ఛార్జీల్లో సర్దారు. పెద్ద ఫ్లాట్లవారిలో ఎక్కువమంది వాయిదాల్లో కట్టారు. ఇద్దరు కట్టబోమన్నారు. ఈసారి వాళ్లకు బకాయి నోటీసు రాతపూర్వకంగా, పదిహేను రోజుల గడువుతో వెళ్లింది.

నాలుగు గడుల్లో రెండు వంతులవారీగా తిరుగుతున్నాయి. గొలుసు వేసిన రెండూ ఇంకా అలాగే ఉన్నాయి. వాటి మీద జిల్లా కోర్టులో దరఖాస్తు వేశాం. బిల్డర్‌ను కూడా చేర్చాం, డబ్బు తీసుకున్నది అతనే కాబట్టి.